దత్తమండలాల కైఫీయత్తుల్లో చెరువులు: పరిశోధన గ్రాంటు కోసం ప్రతిపాదన

ట్రస్టు కమిటీ సభ్యులకు నమస్కారం.

మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్న మెకంజీ తెలుగు కైఫీయత్తుల్లోంచి, అంటే ఊళ్ల చరిత్రల రాతల్లోంచి, కడప, అనంతపురం ప్రాంతాల చెరువుల సమాచారం మొత్తం ఎత్తిరాసి, ఊరూ పేరూ కలిపి అందరికీ అందుబాటులో పెట్టాలని మా ఆలోచన. ఏడాది పని. 6,40,000 రూపాయలు అడుగుతున్నాం. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను, నాతోపాటు పాత దస్తూరీ చదవగలిగిన ఇద్దరు కుర్రవాళ్లు పనిచేస్తారు.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పేరు తెలిసినంతగా ఆయన కోసం ఊళ్లు తిరిగినవాళ్ల పేర్లు జనానికి తెలియవు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, 1803లో ఆయన పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల కింద పనిచేసిన గుమస్తాలు కరణాల దగ్గర కూర్చుని, కవిలెలు చూసి, ఊరి పెద్దల మాట విని రాయించినవే ఈ కైఫీయత్తులు. గుడి ఎవరు కట్టారు, మాన్యం ఎవరికిచ్చారు, చెరువు ఎప్పుడు తెగింది, కట్ట మళ్లీ ఎవరు పోయించారు, అన్నీ అందులోనే. తర్వాత బ్రౌన్ దొర వీటికి నకళ్లు రాయించాడు.

కొన్ని జిల్లాల కైఫీయత్తులు ఇప్పటికే అచ్చయ్యాయి, మళ్లీ ఎందుకు అని మీరు అడగొచ్చు. ఆ సంపుటాలు లేకపోతే మాకు ఈ ఆలోచనే వచ్చేది కాదు. కానీ చెరువు లెక్కలకు అచ్చు పుస్తకం ఒక్కటే చాలదు, ఎందుకంటే కరణాలు భిన్నాలు అంకెల్లో రాయరు, గీతల్లో రాస్తారు. నిలువు గీత ఒకటి ఉంటే పావు, అడ్డగీత ఒకటి ఉంటే వీసం, అంటే పదహారో వంతు. గీత నిలువా అడ్డమా అన్నది తప్పు చదివితే, చెరువు బాగోగులు చూసేవాళ్లకిచ్చే దశబంధం మాన్యం నాలుగింతలు పెరుగుతుంది, లేదా నాలుగో వంతుకు పడిపోతుంది. సంవత్సరాలదీ ఇదే గొడవ. ప్రమాథి, ప్రమాదీచ అనే రెండు పేర్లు చూడటానికి దగ్గరగా ఉంటాయి, మధ్యలో తేడా 34 ఏళ్లు. పక్కన శిస్తు లెక్కల ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలిపి, క్రీస్తు శకంలోకి మార్చి సరిచూసుకోవచ్చు, లేనిచోట రాతప్రతి ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూడాల్సిందే. ఈ రాత తప్పుల్లేకుండా చదివేవాళ్లు మా ప్రాంతంలో ఇప్పుడు చాలా తక్కువమంది, ఉన్నవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. మా తొందరంతా అందుకే.

శాసనంతో సరిపోల్చుకునే వీలు కూడా ఉంది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని చేయించాడని, మంచి చెరువుకు ఏమేం కావాలో, ఏవి దోషాలో అందులో చెప్పారు. అలాంటి శాసనం అన్ని ఊళ్లకూ దొరకదు. చిన్న చెరువుల గురించి రాతలో మిగిలిన జ్ఞాపకం చాలాచోట్ల కైఫీయత్తే.

ఇక డబ్బు సంగతి. కెమెరాలు, కంప్యూటర్లు అడగడం లేదు, ఉన్నవాటితో సరిపెట్టుకుంటాం. ఈ పనిలో ఖర్చంతా చదివే మనిషి మీదే పెట్టాలి. అందుకే సగానికి పైగా, 3,60,000, ఆ ఇద్దరి జీతం: నెలకు 18,000 చొప్పున పది నెలలు. ఇంతకంటే తక్కువిస్తే మధ్యలో వేరే ఉద్యోగం చూసుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. చెన్నైలో ఇద్దరికీ కలిపి నాలుగు నెలల గది, భోజనం 88,000, ప్రయాణాలు 20,000. నకళ్లు, ఫొటోల రుసుములకు 60,000. మోడీ లిపిలో ఉన్న మరాఠీ కాగితాలు మాకు రావు, చదివిపెట్టేవారికి పేజీకి 200 చొప్పున 200 పేజీలకు 40,000. పాతిక ఊళ్లకు వెళ్లి చెరువు ఇప్పుడెలా ఉందో చూసి రావడానికి 50,000. వెబ్‌సైటుకు, భద్రపరచడానికి 22,000. నాకు కాలేజీ జీతం వస్తోంది కాబట్టి ఇందులో నా వాటా ఏమీ లేదు. ఫొటోలకు అనుమతి రాకపోతే అక్కడే కూర్చుని చేత్తో రాసుకుంటాం, ఆ పద్దులో మిగిలింది వాపసు ఇస్తాం.

ఏడాది చివర మీ చేతికి వచ్చేది ఒక పట్టిక, దాని వెనక పూర్తి పాఠం. ప్రతి చెరువుకూ పేరు, ఊరు, కట్టించినవారు, తెగిన, బాగుచేసిన సంవత్సరాలు, మాన్యం, రాతప్రతి సంపుటం, పుట. అనుమానం ఉన్నచోట రెండు పాఠాలూ ఇస్తాం, మాకు నచ్చింది ఒక్కటే పెట్టి ఊరుకోం. అన్నీ యూనికోడ్‌లో, ఆ భిన్నాల గీతలతో సహా. వాటికి యూనికోడ్‌లో చోటుంది కూడా. ప్రతులు కడప బ్రౌన్ గ్రంథాలయానికీ, మేం వెళ్లిన పంచాయతీలకూ ఇస్తాం. కైఫీయత్తులో పేరుండి నేల మీద కనిపించని చెరువులను విడిగా గుర్తిస్తాం. ఇప్పుడు పూడికలు తీస్తున్న ఇంజనీర్లకు, ఆయకట్టు రైతులకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ జాబితానే అని నా నమ్మకం.

డబ్బు మూడు విడతల్లో ఇస్తే చాలు. రెండో విడతకు ముందు యాభై చెరువుల పాఠం మీకు పంపుతాం. అది చూసి, మీకు తెలిసిన పండితులతో సరిచూపించి, తృప్తిగా ఉంటేనే మిగతాది విడుదల చేయండి.