మానవ చెవి నిర్మాణం: చూపు తక్కువగా ఉన్న విద్యార్థుల కోసం శ్రవణ పాఠం

(చెంచాతో స్టీలు గ్లాసును ఒకసారి కొట్టిన శబ్దం. అది పూర్తిగా ఆగేదాకా మౌనం.)

నమస్కారం. తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో జ్ఞానేంద్రియాల పాఠంలో ఈ రోజు చెవి గురించి తెలుసుకుందాం. మీరు ఇప్పుడు విన్నది ఒక స్టీలు గ్లాసు మోగిన శబ్దం. ఆ ఒక్క శబ్దం గాలిలో నుంచి మీ మెదడు దాకా ఏ దారిన వెళ్లిందో, ఆ దారిలో ఏయే భాగాలు ఎదురయ్యాయో ఈ పాఠం చెబుతుంది. మీ దగ్గర కూడా ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా, ఒక బెలూను, ఒక రబ్బరు బ్యాండు ఉంచుకోండి. వాటిని తెచ్చుకోవడానికి రికార్డింగును ఇక్కడ ఆపవచ్చు.

(ఐదు సెకన్ల మౌనం.)

పాఠ్యపుస్తకంలో చెవి బొమ్మ ఉంది. పసుపు కాగితం మీద మందపాటి నల్ల గీతలతో పెద్దదిగా వేసిన బొమ్మ దగ్గరుంటే దాన్నీ చూడవచ్చు. అయితే ఆ బొమ్మను మాత్రమే నమ్ముకోవద్దని చెబుతాను. తలను నిలువుగా కోసినట్టు గీసిన ఆ బొమ్మలో కర్ణభేరి ఒక చిన్న గీతలా కనిపిస్తుంది. చెవి లోపలి భాగాలు స్పష్టంగా తెలియాలని వాటిని అసలు కొలత కంటే ఎంతో పెద్దవిగా గీస్తారు. మీ వేళ్లు, మీ చెవులు ఇచ్చే సమాచారం ఈ పాఠంలో ఆ బొమ్మ కంటే ఎక్కువ పనికి వస్తుంది.

కుడి చేతితో కుడి చెవిని మెల్లగా పట్టుకోండి. బయటికి కనిపించే ఈ దొప్ప వంటి భాగాన్ని పిన్నా అంటారు. పై అంచు నుంచి వేలిని వెనక్కి, కిందికి జరపండి. అంచు లోపలికి మడిచినట్టు ఉంటుంది, నొక్కితే వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. లోపల మృదులాస్థి ఉండటమే దీనికి కారణం. చివరికి వేలు చెవి తమ్మె దగ్గరికి చేరుతుంది. కమ్మలు పెట్టుకునే ఈ తమ్మెలో మృదులాస్థి లేదు కాబట్టి మెత్తగా ఉంటుంది. ఇప్పుడు వేలిని చెవి మధ్యలోని గుంటలోకి తీసుకురండి. ఆ గుంటకు ముందు, చెంప వైపున, చిన్న తలుపులా నిలబడిన ఒక ముక్క తగులుతుంది. దాన్ని వేలితో లోపలికి నొక్కితే నా గొంతు మందగిస్తుంది. నొక్కి చూడండి.

(మూడు సెకన్ల మౌనం.)

పిన్నాలోని మడతలు అలంకారం కోసం ఉన్నవి కావు. శబ్దం పై నుంచి వస్తే ఒక రకంగా, కింది నుంచి వస్తే మరో రకంగా ఆ మడతలకు తగిలి, కొంత మారి లోపలికి వెళుతుంది. ఆ మార్పును బట్టి మెదడు ఎత్తును గుర్తిస్తుంది. కుడి ఎడమలను గుర్తించడానికి మాత్రం రెండు చెవులూ కావాలి. కుడి పక్క నుంచి వచ్చే ఆటో శబ్దం ఎడమ చెవిని చేరేసరికి సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ ఆలస్యం అవుతుంది, తల అడ్డు రావడం వల్ల కొంత బలహీనపడుతుంది కూడా. అంత చిన్న తేడాను మెదడు లెక్కగట్టి దిక్కును చెబుతుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు రెండు చెవులనూ మూసే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దని పదే పదే హెచ్చరించేది ఈ లెక్క చెడిపోతుందనే.

గుంట నుంచి లోపలికి వెళ్లే సొరంగం వంటి దారి శ్రవణ కుల్య. పెద్దవారిలో దీని పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, అంటే మీ చూపుడు వేలి చివరి కణుపంత. ఇది తిన్నగా ఉండదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. చెవిని పరీక్షించే వైద్యులు పెద్దవారి పిన్నాను పైకి, వెనక్కి లాగి పట్టుకునేది ఆ వంపును సరిచేసి లోపలికి చూడటానికే. కుల్య బయటి భాగంలో సన్నని వెంట్రుకలు, గుబిలిని తయారుచేసే గ్రంథులు ఉంటాయి. గుబిలి దుమ్మును పట్టి ఆపుతుంది, చర్మాన్ని ఎండిపోనివ్వదు, సాధారణంగా దానంతటదే బయటికి వస్తుంది. పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో దాన్ని తీయబోతే మరింత లోపలికి నెట్టినట్టవుతుంది, ఒక్కోసారి కర్ణభేరికి చిల్లు పడుతుంది. లోకాన్ని ఎక్కువగా వినికిడితోనే తెలుసుకునే మీరు ఈ విషయంలో ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

ఇప్పుడు బెలూను మూతిని కత్తిరించి, మిగిలిన రబ్బరును గ్లాసు అంచు మీద బిగుతుగా సాగదీసి రబ్బరు బ్యాండుతో కట్టండి. కత్తెర పని ఇంట్లో ఎవరినైనా చేసిపెట్టమనండి. ఆ రబ్బరు మీద వేలి కొనను తేలికగా ఆనించి, నోటిని దగ్గరగా పెట్టి గట్టిగా "ఊ" అనండి.

(పది సెకన్ల మౌనం.)

వేలికి తెలిసిన ఆ సన్నని అదురునే కర్ణభేరి కూడా పొందుతుంది. శ్రవణ కుల్య చివర అడ్డంగా ఉండే ఈ పల్చని పొర వెడల్పు ఒక సెంటీమీటరు కంటే కొద్దిగా తక్కువ, అంటే చొక్కా గుండీ కంటే కాస్త చిన్నది. మందం మిల్లీమీటరులో పదో వంతు. మీ బెలూను పొర చదునుగా ఉంది కానీ కర్ణభేరి అలా ఉండదు. అది ఏటవాలుగా, మధ్యలో లోపలికి లాగినట్టు, తిరగేసిన గొడుగులా ఉంటుంది. ఆ లాగిపట్టిన చోట లోపలి వైపున ఒక ఎముక అతుక్కుని ఉంటుంది. వెలుపలి చెవి ఇక్కడితో ముగిసి, కర్ణభేరికి అవతల మధ్య చెవి మొదలవుతుంది.

మధ్య చెవి గాలితో నిండిన చిన్న గది. అందులో మూడు ఎముకలు గొలుసులా కలిసి ఉంటాయి. కర్ణభేరికి అతుక్కున్నది కూటకం, దాని ఆకారం సుత్తిని పోలి ఉంటుంది. రెండోది దాగలి, కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె వంటిది. మూడోది అంకవన్నె, గుర్రపు రౌతు పాదం పెట్టుకునే కడియం ఆకారంలో ఉంటుంది. మన శరీరంలో అతి చిన్న ఎముక ఈ అంకవన్నె. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజలో సగం.

శబ్దం కర్ణభేరి నుంచి నేరుగా లోపలి చెవికి వెళ్లవచ్చు కదా, ఈ మూడు ఎముకలు ఎందుకు అన్న ప్రశ్నను పుస్తకాలు తరచుగా దాటేస్తాయి. నా దృష్టిలో చెవి పాఠంలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే. లోపలి చెవిలో ఉన్నది గాలి కాదు, ద్రవం. గాలిలోని శబ్దం ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. చెరువులో మునిగినవారికి గట్టు మీది మాటలు సరిగా వినపడకపోవడానికి కారణం ఇదే. ఈ నష్టాన్ని పూడ్చాలంటే ఒత్తిడిని పెంచాలి. బొటనవేలితో డ్రాయింగ్ పిన్ను వెడల్పాటి తలను నొక్కినప్పుడు ఆ బలమంతా సన్నని మొనకు చేరి చెక్కలోకి దిగుతుంది కదా. అదే విధంగా వెడల్పాటి కర్ణభేరి మీద పడిన బలం, దాని కంటే సుమారు 17 రెట్లు చిన్నదైన అంకవన్నె పీఠానికి చేరుతుంది. ఎముకలు మీటల్లా పనిచేయడం కూడా కలిసి ఒత్తిడి సుమారు 20 రెట్లకు పైగా పెరుగుతుంది.

మధ్య చెవి నుంచి గొంతు పైభాగానికి ఒక సన్నని గొట్టం ఉంది. దాని పేరు యూస్టేషియన్ నాళం. ఒకసారి గుటక వేయండి. చెవిలో చిన్న చప్పుడు వినిపించి ఉంటే, ఆ నాళం తెరుచుకున్నదన్నమాట. కర్ణభేరికి రెండు వైపులా గాలి ఒత్తిడి సమానంగా ఉంచడం దాని పని. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు పైకి ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయినట్టయి గుటక వేయగానే తెరుచుకోవడం మీలో కొందరికి అనుభవమే. చిన్నపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేసినప్పుడు సూక్ష్మజీవులు తేలికగా చెవిలోకి చేరతాయి. చెవి పోటు వాళ్లకే ఎక్కువగా రావడానికి ఇదొక కారణం.

(గ్లాసు శబ్దం మరోసారి.)

మన గ్లాసు శబ్దం ఇప్పుడు అంకవన్నె దగ్గర ఉంది. అంకవన్నె పీఠం అండాకార గవాక్షం అనే చిన్న కిటికీలో అమరి, ముందుకూ వెనక్కూ కదులుతుంది. దాని అవతల లోపలి చెవి, కణత ఎముకలోని అతి గట్టి భాగంలో భద్రంగా ఉంది. వినికిడికి సంబంధించిన భాగం కర్ణావర్తం. ఇది నత్తగుల్లలా రెండున్నర చుట్లు చుట్టుకుని, మొత్తం కలిపి పెద్ద బఠానీ గింజంత ఉంటుంది. చుట్లు విప్పగలిగితే సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుంటుంది. దీనిలో పొడవునా మూడు గదులు ఒకదానిపై ఒకటిగా సాగుతాయి. పైన, కింద ఉన్న గదుల్లో పరలసిక, మధ్య గదిలో అంతరలసిక అనే ద్రవాలు ఉంటాయి.

మధ్య గది అడుగున ఉన్న ఆధార త్వచం గురించి కొంత నెమ్మదిగా చెబుతాను. ఈ పొర అండాకార గవాక్షం దగ్గర ఇరుకుగా, బిగుతుగా ఉంటుంది, చుట్టు చివరికి పోయేకొద్దీ వెడల్పుగా, వదులుగా మారుతుంది. బిగుతుగా లాగిన తీగ హెచ్చు స్వరాన్ని, వదులు తీగ మంద్ర స్వరాన్ని ఇస్తుందని వీణ వినేవారికి తెలుసు. అలాగే హెచ్చు స్థాయి శబ్దాలు మొదటి చుట్టులోనూ, మంద్ర శబ్దాలు చివరి చుట్టులోనూ పొరను ఎక్కువగా కదిలిస్తాయి. ఈ కదలికను పరిశోధించి చూపినందుకే హంగరీలో జన్మించిన గియోర్గ్ ఫాన్ బెకెసీకి 1961లో నోబెల్ బహుమతి లభించింది. మనిషి వినగలిగే శబ్దాలు సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు ఉంటాయి. వాటన్నిటికీ ఆ 35 మిల్లీమీటర్ల పొడవులోనే చోటు ఉంది.

ఆధార త్వచం మీద కార్టి అంగం ఉంది. 1851లో దాన్ని వర్ణించిన ఇటలీ శాస్త్రవేత్త అల్ఫోన్సో కార్టి పేరే దానికి పెట్టారు. ఒక్కో చెవిలోని కార్టి అంగంలో సుమారు 15,000 రోమ కణాలు వరుసలుగా ఉంటాయి. పొర కదిలినప్పుడు ఈ కణాల మీది అతి సన్నని రోమాలు వంగుతాయి, కణంలో విద్యుత్ మార్పు కలుగుతుంది, శ్రవణ నాడి ఆ సంకేతాన్ని మెదడుకు చేరుస్తుంది. అప్పుడే మీకు "గ్లాసు మోగింది" అని తెలుస్తుంది.

మనిషిలో రోమ కణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. పెద్ద శబ్దాలకు ఎక్కువగా దెబ్బ తినేవి హెచ్చు స్థాయి శబ్దాలను గుర్తించే కణాలే. అవి పోతే స, శ, ష వంటి అక్షరాల తేడా మసకబారుతుంది. ఫోనులో స్క్రీన్ రీడర్‌ను గంటల తరబడి హెడ్‌ఫోన్లతో వినే మీకు ఇది నేరుగా సంబంధించిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్‌ను, పిల్లలకు 75 డెసిబెల్స్‌ను పరిమితిగా సూచిస్తోంది. స్క్రీన్ రీడర్ వేగాన్ని మీకు కావలసినంత పెంచుకోండి, శబ్దాన్ని మాత్రం పెంచవద్దు. పక్కనున్నవారి మాట వినపడనంతగా ఉంటే తగ్గించండి.

లోపలి చెవికి వినికిడితో సంబంధం లేని మరో పని కూడా ఉంది, అది శరీరం తూలకుండా సమతౌల్యాన్ని కాపాడటం. మీ గదిలో రెండు గోడలు, నేల కలిసే మూలను చేత్తో తడిమి చూడండి. అక్కడ మూడు తలాలు ఒకదానికొకటి లంబంగా కలుస్తాయి. కర్ణావర్తం పక్కనే ఉన్న మూడు అర్ధవర్తుల కుల్యలు కూడా దాదాపు అలాగే మూడు దిశల్లో అమరి ఉంటాయి. తల ఏ వైపు తిరిగినా ఏదో ఒక కుల్యలోని ద్రవం కదిలి మెదడుకు కబురు చేరుతుంది. గిర్రున తిరిగి ఆగాక కూడా ద్రవం కాసేపు కదులుతూనే ఉంటుంది కాబట్టి కళ్లు తిరుగుతాయి. ఈ కుల్యలకూ కర్ణావర్తానికీ మధ్య ఉన్నది పేటిక. దానిలోని యుట్రిక్యులస్, సాక్యులస్ అనే సంచులలో సున్నపురాయి పదార్థంతో ఏర్పడిన సూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. బస్సు ముందుకు కదిలిందో, లిఫ్టు పైకి లేచిందో కళ్లు మూసుకున్నా తెలియడం వాటి వల్లే.

రికార్డింగును ఆపే ముందు ఒక పని చేయండి. గ్లాసు మీది రబ్బరును తీసేసి, గ్లాసును, చెంచాను మరొకరికి ఇచ్చి, కళ్లు మూసుకుని కూర్చోండి. గదిలో వేర్వేరు చోట్లకు వెళ్లి గ్లాసును మోగించమని వారికి చెప్పి, మీరు వేలితో దిక్కును చూపండి. తర్వాత ఒక చెవిని అరచేతితో మూసుకుని అదే మళ్లీ చేయండి. రెండు సార్లూ పదేసి ప్రయత్నాల్లో ఎన్ని సరిగ్గా చెప్పారో రికార్డు చేసి ఉంచండి. తర్వాతి పాఠాన్ని ఆ లెక్కలతోనే మొదలుపెడతాం.

(గ్లాసు శబ్దం. పాఠం సమాప్తం.)