అపరిచిత గద్యం: పోరుమామిళ్ల చెరువు, ఆరు దోషాలు

తరగతి: 8    విషయం: తెలుగు    సమయం: 45 నిమిషాలు    మార్కులు: 25

పిల్లలకు: ముందు గద్యాన్ని ఆగకుండా ఒకసారి చదవండి. తెలియని మాట తగిలితే దాని కింద గీత గీసి ముందుకు వెళ్లండి. రెండోసారి చదివేటప్పుడు చాలావరకు అర్థం పక్క వాక్యంలోనే దొరుకుతుంది. ప్రశ్నలు మెట్లమెట్లుగా ఉన్నాయి. మొదటి మెట్టు జవాబులు గద్యంలోనే కనిపిస్తాయి, పైమెట్లకు ఆలోచించాలి. గద్యంలోని వాక్యాలను ఉన్నవున్నట్టు ఎత్తి రాయకుండా మీ మాటల్లో రాయండి.

గద్యం

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు ఉంది. దాన్ని కట్టించి ఆరున్నర శతాబ్దాలు దాటింది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఆ ప్రాంతాన్ని పాలిస్తూ, 1369లో ఈ చెరువు సంగతులను సంస్కృతంలో రాతి మీద చెక్కించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని ఆ శాసనం చెబుతుంది.

మామూలుగా శాసనమంటే రాజుగారి పొగడ్త, దానమిచ్చిన పొలాల హద్దులు. ఈ శాసనం వాటితో ఆగలేదు. చెరువు కట్టబోయేవాళ్లకు పాఠం కూడా చెప్పింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంది. నీటిశాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, తీయని నీరు పారే ఏరు, కట్ట ఆనుకోవడానికి కొండలు, దగ్గర్లో పొడుగాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన కూలీలు వాటిలో కొన్ని.

చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ అదే శాసనం లెక్కపెట్టింది. కట్టలో నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం, చెరువు మధ్యలో మెరక, నీరు కొంచెమై తడపాల్సిన పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం చాలకపోవడం. వీటిలో మూడు నేలకు సంబంధించినవి. మిగతా మూడు మనుషుల లెక్కకు, వాళ్ల మధ్య ఒప్పందానికి సంబంధించినవి.

రాయలసీమలో ఏడాది వానలో ఎక్కువ భాగం కొద్దిరోజుల్లోనే కురిసిపోతుంది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆపేదేమీ లేకపోతే ఆ నీరు గంటల్లో వంకల్లో పడి వెళ్లిపోతుంది, పైమట్టిని కూడా ఊడ్చుకుపోతుంది. చెరువు ఆ పరుగును ఆపుతుంది. ఆగిన నీటిలో కొంత కాలువల్లో పారి పొలాలకు చేరుతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది, కొంత నేలలోకి ఇంకి కట్ట దిగువ బావుల్లో ఊటగా తేలుతుంది. చెరువు నిండిన ఏడాది బావుల్లో నీళ్లు పైకి వచ్చేది అందుకే.

నీటితో కొట్టుకొచ్చిన ఒండ్రు చెరువు అడుగున పేరుకుంటుంది. అదే పూడిక. పూడిక పెరిగేకొద్దీ చెరువు పట్టే నీరు తగ్గుతుంది. వెనుకటి రోజుల్లో ఎండాకాలం చెరువు ఎండగానే రైతులు ఆ మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్లు. పొలానికి ఎరువు, చెరువుకు లోతు. తూము ఎత్తి ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసే బాధ్యత నీరుగంటిది. చుట్టమైనా సరే, ఊరి పెద్దైనా సరే, వంతు తప్పించి నీరు కట్టనివ్వకూడదు. పొలంలో బోర్లు పడ్డాక ఈ పనులు చాలాచోట్ల ఆగిపోయాయి. చెరువుకట్టల మీద కంపచెట్లు మొలిచి, వేళ్లు లోపలికి దిగాయి. చెట్టు చచ్చి వేరు కుళ్లిన చోట కట్టలో బొరియ మిగులుతుంది. ఆ బొరియలో నుంచి నీరు ఊరుతుంది. శాసనం చెప్పిన దోషాల్లో మొట్టమొదటిది అదే.

మొదటి మెట్టు (ఒక్కో ప్రశ్నకు 1 మార్కు)

1. పోరుమామిళ్ల శాసనాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో చెక్కించారు?
2. చెరువు పని ఎన్నేళ్లు సాగింది? రోజూ ఎంతమంది పనిచేశారు?
3. పూడిక అంటే ఏమిటి?
4. వీటిలో శాసనం దోషంగా చెప్పనిది ఏది?
   అ) చవిటి నేల   ఆ) చెరువు మధ్యలో మెరక   ఇ) కట్టను ఆనుకొని కొండ   ఈ) కట్టలో నుంచి ఊరే నీరు
5. ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసేది ఎవరు?
6. "చెరువులో ఆగిన నీరంతా కాలువల్లో పారి పొలాలకే చేరుతుంది." ఈ వాక్యం తప్పు. సరిచేసి రాయండి.

మాటల పని (ఒక్కో ప్రశ్నకు 1 మార్కు)

7. "కట్టలో నుంచి నీరు ఊరింది", "ఆవకాయ బాగా ఊరింది". ఈ రెండు వాక్యాల్లో 'ఊరింది' అనే మాటకు అర్థాలు రాయండి.
8. 'మెరక'కు వ్యతిరేక పదం రాసి, ఆ పదంతో సొంతవాక్యం రాయండి.
9. 'చుట్టమైనా' పదాన్ని విడదీసి సంధి పేరు రాయండి.
10. 'చెరువుకట్ట' సమాసానికి విగ్రహవాక్యం, సమాసం పేరు రాయండి.

రెండో మెట్టు (ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు)

11. ఆరు దోషాల్లో నేలకు సంబంధించినవి ఏవి? మనుషుల లెక్కకు, ఒప్పందానికి సంబంధించినవి ఏవి? రెండు వరుసలుగా రాయండి.
12. "పొలానికి ఎరువు, చెరువుకు లోతు." ఈ మాట ఏ పని గురించి చెప్పారు? ఆ పని వల్ల రెండు వైపులా లాభం ఎలా కలుగుతుంది?
13. చెరువు మధ్యలో మెరక ఉంటే నష్టమేమిటి? కారణం గద్యంలో లేదు, మీరు ఊహించి రాయాలి. కావాలంటే బొమ్మ గీసి చూపించవచ్చు.
14. ఒక బడి డాబా వైశాల్యం 200 చదరపు మీటర్లు. దాని మీద 15 మిల్లీమీటర్ల వాన కురిసింది. నీరంతా గొట్టం గుండా కిందికి దిగిందనుకుంటే మొత్తం ఎన్ని లీటర్లు? ఆ నీటితో 500 లీటర్ల తొట్లు ఎన్ని నిండుతాయి?

మూడో మెట్టు

15. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడాన్ని శాసనం దోషమంది. అక్కడ నేల గట్టిదే అయినా, నీరు తీయనిదే అయినా అది ఎందుకు దోషమవుతుంది? ఇప్పుడు రాజ్యాలు లేవు కదా, ఆ మాట నేటికీ నిలుస్తుందా? ఆరేడు వాక్యాల్లో రాయండి. (3 మార్కులు)

16. కిందివాటిలో ఏదైనా ఒకటి రాయండి. (4 మార్కులు)
   అ) మీకు తెలిసిన ఒక చెరువులోనో కుంటలోనో ఈ ఆరు దోషాల్లో ఏదైనా కనిపించిందా? దాన్ని వివరిస్తూ, చేయాల్సిన పని చెబుతూ సర్పంచ్‌కు లేఖ రాయండి.
   ఆ) ఒకప్పుడు నీరుగంటిగా పనిచేసిన పెద్దాయన మీ తరగతికి వచ్చారు. ఆయన్ను అడగడానికి ఎనిమిది ప్రశ్నలు రాయండి. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు వద్దు.

ఉపాధ్యాయులకు

నీటి పొదుపు మీద అపరిచిత గద్యమంటే "నీరు ప్రాణాధారం, కుళాయి కట్టేయాలి" అన్న నాలుగు ముక్కలతో సరిపెట్టడం మనకు అలవాటైంది. అలాంటి గద్యానికి పిల్లలు చదవకుండానే జవాబులు రాసేస్తారు, ఎందుకంటే అయిదో తరగతి నుంచీ ఆ మాటలే వింటున్నారు. అప్పుడు మనం పరీక్షించేది చదువును కాదు, జ్ఞాపకాన్ని. చదివితే తప్ప జవాబు తెలియని సంగతి కావాలని ఈ శాసనాన్ని తీసుకున్నాను. పరీక్షకు ముందు చెరువు గురించి పాఠం చెప్పవద్దు. తూము, మడి అనే మాటలు పట్నం పిల్లలకు కొత్తగా ఉంటే ఆ రెండింటికి మాత్రం అర్థం చెప్పవచ్చు. 'ఒండ్రు', 'మెరక', 'చవిటి నేల' చెప్పవద్దు. మొదటిదాని అర్థం పక్క వాక్యంలోనే ఉంది, రెండోది 8, 13 ప్రశ్నల్లో అడిగాం, మూడోది తెలియకపోయినా దోషాలను లెక్కపెట్టడానికి అడ్డు రాదు.

1. భాస్కర భవదూరుడు, 1369. రెండూ రాస్తేనే మార్కు.
2. రెండేళ్లు, వెయ్యిమంది.
3. నీటితో కొట్టుకొచ్చి చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు మట్టి.
4. ఇ. కొండలు ఆసరాగా ఉండడం పన్నెండు అంగాల్లోది. తొందరగా చదివినవాళ్లు ఇక్కడ తప్పు చేస్తారు, అందుకే ఈ ప్రశ్న.
5. నీరుగంటి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు 'నీరటి', 'నీరడి' అని రాస్తే మార్కు ఇవ్వండి.
6. కొంత పొలాలకు చేరుతుంది, కొంత ఆవిరవుతుంది, కొంత నేలలోకి ఇంకుతుంది. మూడూ ఉండాలి.
7. మొదటిది చెమర్చి, కారి బయటికి రావడం. రెండోది ఉప్పు, కారం, నూనె ముక్కకు పట్టడం.
8. పల్లం. వాక్యంలో అర్థం తెలియాలి. "అది పల్లం" అని రాస్తే అర మార్కే.
9. చుట్టము + ఐనా, ఉత్వసంధి. 'చుట్టం + ఐనా' అని విడదీసినా సంధి పేరు సరిగా ఉంటే మార్కు తగ్గించవద్దు.
10. చెరువు యొక్క కట్ట, షష్ఠీ తత్పురుష సమాసం.
11. నేలవి: నీరు ఊరే కట్ట, చవిటి నేల, మధ్యలో మెరక. మనుషులవి: సరిహద్దు, పొలానికి చాలని నీరు, నీటికి చాలని పొలం. కట్ట మనుషులు కట్టిందే కాబట్టి ఊరడం మనుషుల తప్పేనని ఎవరైనా కారణంతో రాస్తే పూర్తి మార్కులివ్వండి. నిజానికి అది మంచి వాదన.
12. పూడిక మట్టిని పొలాలకు తోలడం గురించి. ఒండ్రుతో పొలం సారవంతమవుతుంది, మట్టి పోయినంత మేర చెరువు ఎక్కువ నీరు పడుతుంది. ఒక వైపే రాస్తే 1 మార్కు.
13. మెరక ఆక్రమించినంత చోట నీరు నిలవదు, చెరువు పట్టే నీరు తగ్గుతుంది. నీటిమట్టం దిగితే చెరువు రెండు మడుగులుగా విడిపోయి, తూముకు అవతలి మడుగులోని నీరు కాలువకు అందదు. వీటిలో ఒక్కటి స్పష్టంగా చెప్పినా 2 మార్కులు. బొమ్మకు, వాక్యాలకు ఒకే విలువ.
14. 200 × 15 = 3000 లీటర్లు, 6 తొట్లు. లెక్క దారి సరిగా ఉండి గుణకారం తప్పితే 1 మార్కు.
15. ఒక రాజ్యంలో కట్ట, ఇంకో రాజ్యంలో పొలాలో, నీరొచ్చే ఏరో ఉంటే మరమ్మతు ఎవరు చేయాలి, నీరు ఎవరి వంతు అన్నది తేలదు. తగవు వస్తే చెరువు పాడుపడుతుంది. ఈ కారణానికి 2 మార్కులు. రెండు ఊళ్లు, రెండు జిల్లాలు, రెండు రాష్ట్రాల మధ్య నీటి తగవుల్లో ఏ ఉదాహరణ చెప్పినా మూడో మార్కు. కృష్ణా జలాల మాట రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఏ రాష్ట్రం పక్షాన రాశారన్నది చూడవద్దు, కారణం చెప్పారా లేదా అన్నదే చూడండి.
16. అ) లేఖ పద్ధతికి 1, దోషాన్ని గుర్తించినందుకు 1, చూసిన వివరానికి 1, చేయాల్సిన పనికి 1. "చెరువులను కాపాడాలి" అని మాత్రమే రాస్తే వివరానికి, పనికి మార్కులు రావు. ఏ చెరువు, కట్ట మీద ఎక్కడ, ఏమి చూశారో ఉండాలి.
   ఆ) ప్రశ్నకు అర మార్కు. గద్యంలో జవాబు ఉన్న ప్రశ్నలు లెక్కలోకి రావు. "కరువు ఏడాది నీళ్లు చాలకపోతే ముందు ఎవరి మడి ఎండనిచ్చేవారు?" లాంటి ప్రశ్న ఎవరైనా రాస్తే, దాన్ని మరుసటి రోజు తరగతిలో చదివి వినిపించండి.