ఇంటర్నేషనల్ ట్రేడ్ ప్రశ్నలకు జవాబులు: టర్మ్స్ ఆఫ్ ట్రేడ్, శిశు పరిశ్రమ, డంపింగ్

ఎంఏ ఫైనల్ వాళ్లు పంపిన ప్రశ్నల్లో మొదటి రెండు యూనిట్లవి క్లాసులో అయిపోయాయి కాబట్టి వదిలేశాను, మిగిలిన ఐదు ఇవి. ఈ ఐదింటిలోనూ ప్రశ్న అడిగినవాడు ఒక షరతును మింగేసి అడిగాడు. ఆ షరతు ఏమిటో మీరు బయటికి లాగి రాస్తేనే మార్కులు, లేకపోతే నాలుగు పేజీలు నింపినా సగమే వస్తాయి.

ప్రశ్న 1: ఎగుమతి ధరల సూచీ 120, దిగుమతి ధరల సూచీ 150, ఎగుమతి పరిమాణ సూచీ 140. ఆధార సంవత్సరంలో అన్నీ 100. దేశం నష్టపోయిందా?

120ని 150తో భాగించి 100తో హెచ్చిస్తే 80. నికర వస్తు మార్పిడి వర్తక నిబంధనలు 20 శాతం పడిపోయాయి, అంటే ఒక యూనిట్ ఎగుమతికి మునుపటికన్నా తక్కువ దిగుమతి వస్తోంది. చాలామంది ఇక్కడే ఆపేసి 'నష్టం' అని రాసేస్తారు. పరిమాణం 140 అని ఊరికే ఇవ్వలేదు కదా! 80ని 140తో హెచ్చించి 100తో భాగించండి, 112 వస్తుంది. ఇవి ఆదాయ వర్తక నిబంధనలు. దేశం మొత్తంగా దిగుమతి చేసుకోగల శక్తి 12 శాతం పెరిగింది. అలాగని లాభమే అని కూడా తేల్చేయకండి, ఆ అదనపు సరుకు తయారీకి ఎంత శ్రమ, ఎంత పెట్టుబడి పోయిందో ఈ లెక్కలో లేదు. ఎగుమతి రంగంలో ఉత్పాదకత సూచీ 150కి పెరిగిందని ఇస్తే ఏక కారక వర్తక నిబంధనలు 80 × 150 / 100 = 120, అప్పుడు ధర తగ్గినా మన ఒక గంట పనికి ఎక్కువ దిగుమతే దక్కుతోంది. ధర ఎందుకు తగ్గిందన్నది చెప్పకుండా 'నష్టం' అనే మాట రాయొద్దు.

ప్రశ్న 2: సుంకం వేస్తే టర్మ్స్ ఆఫ్ ట్రేడ్ మెరుగుపడతాయి. చర్చించండి.

దాచిన షరతు దేశం సైజు. ప్రపంచ ధరను కదిలించలేని చిన్న దేశం సుంకం వేస్తే బయటి ధర మారదు, లోపలి ధర సుంకం మేరకు పెరుగుతుంది, సంక్షేమ నష్టం మాత్రం మిగులుతుంది. పెద్ద దేశం వేస్తే డిమాండ్ తగ్గి అమ్మేవాడు ధర దించుతాడు, సుంకంలో కొంత భారం వాడి మీద పడుతుంది. ఎదుటి దేశం ఊరుకుంటేనే సుమా.

సైజు అంటే జనాభా కాదు, ఆ సరుకులో మన వాటా. బియ్యం చూడండి, ప్రపంచ బియ్యం వర్తకంలో దాదాపు 40 శాతం మనదే, అందుకే 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపగానే అంతర్జాతీయ ధరలు ఎగిశాయి. కాకినాడ పోర్టు నుంచి బియ్యం పంపేవాళ్లకు దీని గురించి ఏ డయాగ్రమూ వేసి చూపనక్కర్లేదు. అదే మనం క్రూడ్ ఆయిల్ పెద్ద ఎత్తున కొంటున్నా ధర మన చేతిలో లేదు. ఒకే దేశం ఒక మార్కెట్లో పెద్దది, ఇంకో మార్కెట్లో చిన్నది.

దీనికి అనుబంధంగా 1958లో భగవతి చెప్పిన దుర్భరీకరణ వృద్ధి అడుగుతారు. పెద్ద దేశం ఎగుమతి రంగంలోనే ఎడాపెడా పెరిగి, బయట డిమాండ్ వ్యాకోచత్వం తక్కువై, ధర కూలిపోయి, వృద్ధి లాభం కన్నా ధర నష్టం ఎక్కువయ్యే సందర్భం అది. అరుదైన కేసు, అరుదైనదనే రాయండి.

ప్రశ్న 3: శిశు పరిశ్రమకు రక్షణ ఐదేళ్లు, ఏటా 100 కోట్ల భారం. ఆ తర్వాత పదేళ్లు ఏటా 60 కోట్ల లాభం. వడ్డీ 10 శాతం. రక్షణ సమర్థనీయమా?

500 కోట్లు పోయి 600 కోట్లు వస్తోంది, పైగా ఆరో ఏడు నుంచి పరిశ్రమ సుంకం లేకుండా నిలబడుతోంది కాబట్టి మిల్ పరీక్ష నెగ్గింది. కానీ బాస్టబుల్ పరీక్ష అడిగేది, వచ్చే లాభం పోయిన భారాన్ని వడ్డీతో సహా పూడ్చిందా అని. నేటి విలువలో భారం సుమారు 379 కోట్లు. లాభం ఆరో ఏడు నుంచి కదా మొదలు, డిస్కౌంట్ చేస్తే సుమారు 229 కోట్లే. తేలింది ఏమిటంటే పిల్లాడు పెద్దయ్యాడు గానీ పెంచిన ఖర్చు రాలేదు.

రెండు పరీక్షలూ నెగ్గినా ఇంకో అడ్డంకి ఉంది. అంత లాభమే వస్తుందనుకుంటే బ్యాంకు అప్పు తెచ్చి కంపెనీయే మొదటి ఐదేళ్లు నష్టం భరించొచ్చు కదా, ప్రభుత్వం ఎందుకు? నేర్చుకున్న పని పోటీదారులకు ఉచితంగా పాకుతుందనో, అప్పు మార్కెట్ సరిగా లేదనో చూపిస్తేనే వాదన నిలుస్తుంది. అప్పుడు కూడా సుంకం కన్నా ఉత్పత్తి సబ్సిడీ మేలు, ఎందుకంటే సుంకం వినియోగదారుడి ధర కూడా పెంచేస్తుంది. మరి ప్రభుత్వాలు సుంకమే ఎందుకు వేస్తాయంటే, సబ్సిడీ బడ్జెట్లో కనిపిస్తుంది, సుంకం ఖజానాకు డబ్బు తెస్తుంది. నా లెక్కలో అసలు కారణం ఇదే.

ఉదాహరణకి హామిల్టన్ 1791, లిస్ట్ 1841 అని రాసి వదిలేయకండి. మన దగ్గరే 1921-22 ఫిస్కల్ కమిషన్ విచక్షణాయుత రక్షణకు మూడు షరతులు పెట్టింది: సహజ అనుకూలతలు ఉండాలి, రక్షణ లేకుండా ఎదగలేని స్థితి ఉండాలి, చివరికి ప్రపంచ పోటీని తట్టుకోవాలి. 1924లో ఉక్కుకు, 1932లో చక్కెరకు రక్షణ ఇచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత కారు పరిశ్రమకు మూడో షరతును ఎవరూ గట్టిగా అడగలేదు, 1950ల నాటి అంబాసిడర్ 1983 చివర్లో మారుతి వచ్చేదాకా పెద్దగా మారకుండానే అమ్ముడైంది. రక్షణకు గడువు రాయకపోతే శిశువు ముసలిదయ్యాక కూడా ఉయ్యాల దిగదు.

ప్రశ్న 4: నష్టానికి అమ్మితేనే డంపింగ్. తప్పా ఒప్పా?

తప్పు. సొంత దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు ఎగుమతి చేయడమే డంపింగ్. ఉపాంత వ్యయం 40, దేశంలో డిమాండ్ వ్యాకోచత్వం 2, బయట 5 అనుకోండి. ధర × (1 − 1/వ్యాకోచత్వం) = ఉపాంత వ్యయం అన్న సూత్రంలో వేస్తే లోపలి ధర 80, బయటి ధర 50. రెండు చోట్లా లాభమే, అయినా ఇది డంపింగే. రెండు మార్కెట్లూ వేరుగా ఉండాలన్న షరతు మరిచిపోకండి, 50కి కొన్న సరుకు తిరిగి లోపలికి వచ్చేస్తే ఈ ఆట సాగదు. ఎదుటివాణ్ని మూయించి తర్వాత ధర పెంచే దోపిడీ డంపింగ్ వేరు, ధర పెంచాక కొత్తవాళ్లు రాలేని పరిస్థితి ఉంటేనే అది పనిచేస్తుంది.

ప్రశ్న 5: పై లెక్కలో యాంటీ డంపింగ్ సుంకం ఎంత?

మార్జిన్ 30, ఎగుమతి ధర మీద 60 శాతం. కానీ మార్జిన్ ఉన్నంత మాత్రాన సుంకం పడదు, దేశీయ పరిశ్రమకు గాయం అయిందనీ, అది డంపింగ్ వల్లే అయిందనీ తేలాలి. మన దగ్గర విచారణ, సిఫారసు డీజీటీఆర్‌ది, వేయడం ఆర్థిక శాఖది. పైగా మనది తక్కువ సుంకం పద్ధతి. రవాణా వగైరా పక్కన పెట్టి, మన పరిశ్రమకు గాయం తగలని ధర 58 అని ఇస్తే 50కి, 58కి మధ్య తేడా 8 మాత్రమే వేస్తారు, 30 కాదు.