జూన్ పనుల సమీక్ష, జూలై ఒప్పుకోళ్ల సవరణ
జీడిపప్పు యూనిట్, పర్లాకిమిడి. 2025 జూలై 2, బుధవారం, సాయంత్రం 5 నుంచి 6:15 వరకు.

కూర్చున్నవారు: బాయిలింగ్ మేస్త్రి, కటింగ్ షెడ్డు మేస్త్రి, గ్రేడింగ్, ప్యాకింగ్ చూసే అక్క, లెక్కల గుమస్తా, కొనుగోళ్లు చూసే అన్న. ఎవరి తప్పు అన్న మాట ఇక్కడ రాదు. ఏ పని ఎన్నాళ్లు ఎక్కడ ఆగింది అన్నదే చూశాం.

జూన్‌లో తొమ్మిది పనులు ఒప్పుకున్నాం. నాలుగు చెప్పిన తేదీకే అయ్యాయి: 11న, 20న వేయాల్సిన జీఎస్టీ రిటర్నులు రెండూ, బోర్మా డ్రయ్యర్‌కి 12 కొత్త ట్రేలు, కూలి పైకం బట్వాడా. ఆలస్యంగా అయినవి రెండు: స్టీమ్ వాల్వు మార్పిడి, పిక్కల కళ్లానికి టార్పాలిన్లు. కానివి మూడు: 60 బస్తాల కటింగ్, కొత్త ప్యాకెట్ల లేబుళ్లు, స్టాకు రిజిస్టరును కంప్యూటర్లోకి ఎక్కించడం. జీఎస్టీకి జరిమానా భయం ఉంది, కూలికి శనివారం జనం వచ్చి నిలబడతారు. మన మాట మీదే నడవాల్సినవే జారాయి.

60 బస్తాలు 44 ఎందుకయ్యాయి

బస్తా 80 కిలోలు. 8 బల్లలు, బల్లకి ఇద్దరు, బల్లకి రోజుకు 24 కిలోల పిక్క లెక్కన రోజుకు 192 కిలోలు, అంటే 2.4 బస్తాలు. ఆదివారాలు తీసేస్తే 25 రోజులు, 60 బస్తాలు. లెక్క కాగితం మీద తప్పు లేదు, ఆ 25 దగ్గరే తప్పు. మే ఆఖరున గోడకున్న తెలుగు క్యాలెండరు చూసి రోజులు లెక్కపెట్టాం. అందులో రజ పండగ లేదు. మన కటింగ్ వాళ్లలో సగానికి పైగా ఒడియా ఇళ్ల ఆడవాళ్లు. 14, 16, 17 తేదీల్లో షెడ్డు మూసే ఉంది (15 ఎలాగూ ఆదివారం). 27న రథయాత్ర. 25లో నాలుగు పోయి 21 మిగిలాయి. ఇక్కడే దాదాపు 10 బస్తాలు తగ్గాయి. ఈ పండగలు మనకెవరికీ తెలియనివి కావు. ప్లాను రాసేటప్పుడు ఎవరూ తలవలేదంతే.

మిగతా 6 బస్తాల సంగతి వేరు. సగటు తీస్తే బల్లకి 21 కిలోలే వచ్చింది. మొదట "వాన ముసురుకి చేతులు నెమ్మదించాయి" అనుకున్నాం. రోజువారీ చీటీలు తీసి చూస్తే కాదని తేలింది. 14 రోజులు బల్లకి 24 కిలోలే వచ్చాయి. 6, 7, 9 నుంచి 13 వరకు, ఆ ఏడు రోజులే 15 దగ్గర ఆగాయి. ఆ ఏడు రోజులూ కారుతున్న వాల్వుతో నడిపినవే.

కుక్కర్‌లో ఒత్తిడి నిలవక సాయంత్రం ఒక్క వాయే అయ్యేది. రెండో వాయి పొద్దున ఉడికించి, వేడి తగ్గీ తగ్గకుండానే బల్లల మీదికి ఎక్కించాం. ఉడికిన పిక్క రాత్రంతా ఆరితే పెంకు గట్టిపడి, కత్తికి తేలిగ్గా విడుతుంది. ఆరకపోతే పప్పు మెత్తగా ఉండి గుండు రావాల్సిన చోట బద్ద, ముక్క వస్తాయి, చేయీ సాగదు. ఆ వారం గ్రేడింగ్‌లో బద్ద ఎక్కువని అక్క అప్పుడే చెప్పింది. దాన్ని వాల్వుతో ఎవరూ ముడిపెట్టలేదు.

వాల్వు: రెండున్నర గంటల పని, 12 రోజుల ఆలస్యం

గడువు జూన్ 5. అయింది 17న. ప్లానులో "వాల్వు మార్చాలి" అని మాత్రమే ఉంది, పేరు లేదు. బాయిలింగ్ మేస్త్రి మెకానిక్‌కి ఫోను చేశాడని అన్న అనుకున్నాడు, అన్న చేశాడని మేస్త్రి. 9 వరకు అలా గడిచింది. 10న పలాస నుంచి మెకానిక్ వచ్చాడు, చేతిలో అరంగుళం వాల్వు. మనది ముప్పావు అంగుళం. సైజు ఎవరూ చెప్పలేదు. తర్వాత అతనికి వీలైన రోజు 17. రజకి మన షెడ్డు ఖాళీ, ఆంధ్రా వైపు ఆ సెలవు లేదు. పండగ వల్ల కలిసొచ్చింది ఇదొక్కటే.

ఆ ఆరు బస్తాలకీ అసలు మూలం ఒక్క ఫోను, ఒక్క కొలత.

లేబుళ్లు

"రెండు రోజుల పని" అని రాసుకున్నాం. పని నిజంగా రెండు రోజులదే. కానీ చేతులు ఐదు మారాలి: బరువు, ధర, బ్యాచ్ వివరాలు రాయడం, డిజైను, ఒడియా పంక్తి సరిచూడటం, బరంపురంలో ముద్రణ, బస్సు పార్సిలు. ఒడియా పంక్తి చూడగలవారు మనలో ఒకరే, వారికి కాగితం చేరింది 23న. అంతకు ముందు తొమ్మిది రోజులు ఏ పనీ జరక్క బల్ల మీదే ఉంది. ఇప్పుడు ప్రెస్సులో ఉంది.

టార్పాలిన్లు నాలుగు రోజులు ఆలస్యం. రెండు బస్తాల పిక్క మళ్లీ ఎండబెట్టాల్సి వచ్చింది, అంతే. స్టాకు రిజిస్టరు మాత్రం మూడో నెల వాయిదా. గుమస్తా మాట సూటిగా ఉంది: రోజుకు గంట ఖాళీ దొరకనిదే అది కాదు, ఆ గంట లేదు. కనుక జూలై జాబితాలోంచి తీసేశాం. అక్టోబరు సమీక్షలో అడుగుదాం.

జూలై లెక్క

31 రోజుల్లో ఆదివారాలు 4, బహుడా యాత్ర 5న శనివారం. మిగిలేవి 26. 15 వరకు 12 రోజులు, బల్లలు 8. 16 నుంచి 14 రోజులు, కానీ ఉడుపులకి కటింగ్ వాళ్లు పొలాలకి వెళ్తారు. 5 బల్లలే నడుస్తాయని షెడ్డు మేస్త్రి అంచనా.

బల్లకి 24 కిలోలు పట్టాలా 21 పట్టాలా అన్న దగ్గర మాట పెరిగింది. వాల్వు బాగయింది కదా, 24 వేయమని బాయిలింగ్ మేస్త్రి. ముసురులో పొర వలవడం కష్టం, బోర్మాలో ఎండటానికీ ఎక్కువసేపు పడుతుంది, కటింగ్ ముందుకెళ్తే పప్పు నా దగ్గర పేరుకుంటుందని అక్క. 21 మీదే నిలిచాం. 12 × 8 × 21 = 2,016 కిలోలు, 14 × 5 × 21 = 1,470. మొత్తం 3,486 కిలోలు, అంటే 43 బస్తాల పైచిలుకు. ఒప్పుకున్నది 40. ఆ మూడు బస్తాలు చెడ్డ రోజులకి, వేరే ఆర్డరుకి కాదు.

జూలైకి తొమ్మిది కాదు, ఆరే పనులు:

- కటింగ్ 40 బస్తాలు: షెడ్డు మేస్త్రి. 15న 22 దాటకపోతే ఆ రోజే పలాస వ్యాపారికి తక్కువ సరుకని చెప్పాలి, 30న కాదు.
- లేబుళ్లు 12లోగా గోదాంలో: గ్రేడింగ్ అక్క. 7న ప్రెస్సుకి ఫోను.
- జీఎస్టీ రిటర్నులు 11, 20: గుమస్తా.
- కుక్కర్ మూత రబ్బరు 10లోగా: బాయిలింగ్ మేస్త్రి. కొలత పాత రబ్బరు మీదే తీసి ఫొటో పంపాలి. ముప్పావు అంగుళం వాల్వు ఒకటి అదనంగా తెచ్చి ఉంచాలి.
- గోదాం నేల నుంచి బస్తాలు ఎత్తులో పెట్టడానికి చెక్క పలకలు, 9లోగా: అన్న.
- కూలి బట్వాడా, ప్రతి శనివారం: గుమస్తా. బహుడా కాబట్టి ఈ వారం శుక్రవారమే.

ప్రతి పనికీ ఒకే పేరు. బయటివాళ్ల మీద ఆధారపడే పనికి రెండు అంకెలు రాయాలి: చేయడానికి ఎన్ని గంటలు, ఎదురుచూపుకి ఎన్ని రోజులు. సెలవుల రోజులు ఇకనుంచి ఒడియా పంజికా, తెలుగు క్యాలెండరు రెండూ పక్కన పెట్టుకుని, కటింగ్ షెడ్డులో అడిగాకే లెక్క వేయాలి.

రోజువారీ చీటీలో బల్లల సంఖ్య, పిక్క కిలోలతో పాటు "నిన్న సాయంత్రం ఎన్ని వాయిలు" అన్న గడి ఈ రోజే కలిపాం. వరసగా రెండు రోజులు అందులో ఒకటి కనిపిస్తే మేస్త్రి పొద్దున్నే అన్నకి చెప్పాలి.

నడిమి చూపు జూలై 16, బుధవారం, సాయంత్రం 5కి, పదిహేను నిమిషాలు, షెడ్డులోనే. చీటీల కట్ట షెడ్డు మేస్త్రి తేవాలి.