కొల్లేరు క్షేత్ర పర్యటన నివేదిక: ఆటపాక, జనవరి

స్థలం
కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సు 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేల. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు వాటిని సముద్రంలో కలుపుతుంది.

గమనించినవి
కైకలూరు దగ్గరి ఆటపాకలో ఉదయం బోటు మీద తిరిగాం. ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. ఒక పిల్ల పెద్దపక్షి గొంతు సంచిలోకి తలంతా దూర్చి చేప తింటోంది. అందరం మాటలు మానేసి చూశాం, అంత ముచ్చటేసింది. గట్టు పక్క కాలువలో మాత్రం గుర్రపుడెక్క నీరు కనిపించనంతగా అల్లుకుంది. అక్కడ ఒక నీటికాకి తప్ప పక్షులు లేవు.

నిర్ధారణ
గుర్రపుడెక్క వల్లే పక్షులు అటు రాలేదని ఒక్క ఉదయం చూసి చెప్పలేం. బోట్ల అలికిడి, నీటి లోతు కూడా కారణం కావచ్చు. నీటి నమూనాలు పరీక్షించి, వేసవిలో మళ్లీ చూశాకే తేల్చాలి.