పేరు కొట్టించిన బిందె

వధువు పీటల మీదికి రాగానే అత్తలూ పిన్నుల చూపు వడ్డాణం మీద పడుతుంది. "ఎన్ని కాసులు పట్టిందే?" అని ఎవరో ఒకరు మెల్లిగా అడుగుతారు. డిజైన్ సంగతి తర్వాత. పాతిక కాసులని తెలిస్తే చాలు, అమ్మాయి తండ్రి స్థోమత పందిరంతా తెలిసిపోతుంది. అంత ఖరీదైన వస్తువు ఏడాదిలో ఎక్కువ రోజులు లాకర్లోనే ఉంటుంది. బంగారం అంటే దాచుకున్న డబ్బే కదా అనొచ్చు. నిజమే. కానీ దాచుకోవడానికే అయితే బిస్కెట్ కొంటే సరిపోతుంది, తరుగూ మజూరీ కట్టి వడ్డాణం చేయించక్కర్లేదు. ఆ తరుగు, మజూరీ మనం నలుగురి కళ్ల కోసం కట్టే డబ్బు.

దీనికి ఆడంబర వినియోగం అనే అర్థం వచ్చే పేరు పెట్టినవాడు అమెరికన్ ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్, 1899లో. ఆయన చెప్పిన స్పూను ఉదాహరణ నాకు చాలా ఇష్టం. చేత్తో చేసిన వెండి స్పూనుతో తిన్నా, మిషన్ మీద చేసిన అల్యూమినియం స్పూనుతో తిన్నా నోటికి అందేది అదే తిండి. అయినా వెండిదే అందంగా ఉందంటాం. ఆ అందంలో దాని ఖరీదు కూడా కలిసిపోయి ఉంటుందని ఆయన వాదన. ఇంట్లో ఆడవాళ్ల ఖరీదైన బట్టలు ఇంటి యజమాని సంపద గురించి మాట్లాడతాయని కూడా అన్నాడు. మన పెళ్లిపందిట్లో వడ్డాణం పెట్టుకున్నది కూతురు, దాని ద్వారా మాట్లాడేది తండ్రి.

ఒకరిని చూసి ఇంకొకరు కొంటారు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పేరు పడిందీ, ఊరూరా వన్ గ్రామ్ గోల్డ్ షాపులు వెలిసిందీ ఇందువల్లే. అసలు కొనలేని కుటుంబానికి కూడా ఆ పూట ఫొటోలో ఆ మెరుపు కావాలి. దాన్ని నేను తప్పుపట్టను. పది మందిలో తక్కువగా కనబడితే ఎంత బాధగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. అయితే అందరి దగ్గరా ఉన్నాక ఆ గుర్తుకు విలువ తగ్గుతుంది, పైవాళ్లు ఇంకో దాని మీదికి వెళ్తారు.

మార్కెటింగ్ చదివేవాళ్లు ఇక్కడ టాటా నానో గురించి ఆలోచించాలి. వానలో ఒకే స్కూటర్ మీద భార్యాపిల్లలతో వెళ్తున్న కుటుంబాలను చూసి రతన్ టాటాకు వచ్చిన ఆలోచన అది. 2009లో లక్ష రూపాయల కారుగా మార్కెట్లోకి వచ్చింది. ఆలోచన ఎంతో మంచిది. కానీ "అతి చవక కారు" అన్న ముద్ర పడిపోయింది. స్కూటర్ నుంచి కారుకు మారే కుటుంబానికి ఆ రోజు పండగ లాంటిది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధంతా చూస్తుండగా బండి తీస్తారు. ఆ వీధికంతా ఈ కారు లక్షేనని ముందే తెలుసు. ఇంటాయన పడ్డ కష్టానికి రావాల్సిన గౌరవాన్ని ఆ ధరే తినేసింది. ఫ్యాక్టరీ తరలింపు, కొన్ని నానోలకు మంటలు అంటుకున్నాయన్న వార్తలు లాంటి కారణాలు కూడా తోడయ్యాయి. చవక కారుగా అమ్మడం పొరపాటేనని తర్వాత రతన్ టాటాయే ఒప్పుకున్నారు. 2018లో తయారీ దాదాపు ఆగిపోయింది. ప్రకటనల్లో ధరను వెనక్కి నెట్టి, "మా ఇంటి మొదటి కారు" అన్న గర్వాన్ని ముందు పెట్టి ఉంటే కథ కొంతైనా మారేదని నా నమ్మకం.

ఇంతవరకే చూస్తే వస్తువులన్నీ డాబు కోసమే అనిపిస్తుంది. 1988లో రస్సెల్ బెల్క్ అనే మార్కెటింగ్ ప్రొఫెసర్ ఇంకో వైపు చూపించాడు. మనవి అనుకున్న వస్తువులు మన ఉనికిలో భాగమైపోతాయని, అవి పోతే మనలో కొంత పోయినట్టే ఉంటుందని ఆయన రాశాడు. అది చదివినప్పుడు నాకు మా అమ్మ బిందె గుర్తొచ్చింది.

మా వీధి స్టీలు సామాన్ల షాపులో ఎక్స్చేంజ్ ఆఫర్ పెట్టినప్పుడు అమ్మ పాత గిన్నెలు, డబ్బాలు సంచిలో వేసుకుని వెళ్లింది, నేనూ తోడు వెళ్లాను. షాపతను ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి కిలో లెక్కన ధర కడుతున్నాడు. అడుగున ఒక బిందె ఉంది. అంచు కింద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు, పక్కన 1984. పెళ్లికి అమ్మమ్మ పెట్టిన సారెలోది. అంచు సొట్టపోయింది, నీళ్లు పట్టక పదేళ్లయింది. అతను దాన్ని కాటా మీదికి ఎత్తబోతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అది పొరపాటున వచ్చింది బాబూ" అంది. కొత్త కుక్కరుకు రెండు వందలు తక్కువైతే, పర్సులోంచి తీసి ఇచ్చింది. ఇంటికొచ్చేదాకా బిందె చంకన పెట్టుకునే నడిచింది.