9వ తరగతి సోషల్, భారతదేశ అవుట్‌లైన్ మ్యాపు వర్క్‌షీట్: రోల్ నంబరు 17 దిద్దిన పేజీ

మొత్తం 20 మార్కులకు 13.

ఆరు నదులకు 12 మార్కులు. ఒక్కోదానికి జన్మస్థానం, ప్రవాహం, సముద్రంలో కలిసే చోటు, పేరు, ఈ నాలుగింటికీ అర మార్కు చొప్పున. పర్వతాలు నాలుగు, పీఠభూములు నాలుగు, ఒక్కోదానికి ఒక మార్కు. స్కేలు పెట్టి దిద్దాను. మీకిచ్చిన పటం పైనుంచి కిందికి 20 సెంటీమీటర్లు, అంటే ఒక సెంటీమీటరుకు దాదాపు 160 కిలోమీటర్లు. 3 మిల్లీమీటర్ల తేడా వరకు ఒప్పుకున్నాను.

గంగ, గోదావరి రెండూ బాగున్నాయి. పూర్తి మార్కులు, 4. గోదావరిని తీరానికి ముందే పాయలుగా చీల్చి చూపించావు, అలాగే గీయాలి.

కృష్ణ: 1½. జన్మస్థానం దగ్గర అర మార్కు పోయింది. గోదావరి పుట్టే త్ర్యంబకానికి 3 మిల్లీమీటర్ల పక్కనే చుక్క పెట్టావు. రెండూ మహారాష్ట్రలోనే పుడతాయి, నిజమే. కానీ మహాబలేశ్వర్ త్ర్యంబకానికి దక్షిణంగా 220 కిలోమీటర్ల దూరం. ఈ పటంలో 1.4 సెంటీమీటర్లు కిందికి రావాలి.

నర్మద, తపతి: అర మార్కు చొప్పున 1. గీతలు సరైన చోటే ఉన్నాయి, పేర్లు తారుమారయ్యాయి. పై గీతను అమరకంటక్ దగ్గర మొదలుపెట్టి ఖంభాత్ సింధుశాఖకు చేర్చావు. అది నర్మద, నువ్వు తపతి అని రాశావు. నీ పటంలోనే నీకు జవాబుంది: వింధ్య పై గీతకు ఉత్తరాన, సాత్పురా రెండు గీతల మధ్యన సరిగ్గా రాశావు. నర్మద పారేది ఆ రెండు పర్వతాల మధ్య లోయలో. నీ పేర్ల ప్రకారం నర్మద సాత్పురాకు దక్షిణాన పడింది. పరీక్షలో ఇలా రాస్తే రెంటికీ సున్నా వేస్తారు. గీతలు చూసి అర మార్కు చొప్పున ఇచ్చాను.

పెన్నా: 1. ఇది కాస్త నిదానంగా చదువు. నందికొండల దగ్గర చుక్క సరిగ్గానే పెట్టావు. అక్కడినుంచి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా తూర్పుకు లాగి పులికాట్ దగ్గర సముద్రంలో కలిపేశావు. ఆ లెక్కన పెన్నా మన తిరుపతి పక్కనుంచే పోవాలి! మన పక్కన పారేది స్వర్ణముఖి. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి మీదుగా నేరుగా బంగాళాఖాతంలో కలిసిపోతుంది. అది పెన్నాకు ఉపనది కూడా కాదు. పెన్నా ముందు ఉత్తరానికి, అనంతపురం వైపు పోతుంది. అక్కడ తూర్పుకు తిరిగి, గండికోట దగ్గర కొండను కోసుకుని, కడప జిల్లా దాటి, నెల్లూరు దిగువన సముద్రంలో కలుస్తుంది. గీత ముందు పైకి లేచి, వంపు తిరిగి, ఆగ్నేయానికి దిగాలి. నువ్వు కలిపిన చోటుకన్నా అసలు చోటు 7 మిల్లీమీటర్లు పైన ఉంటుంది.

నదులకు మొత్తం 7½.

పర్వతాలకు 3. వింధ్య, సాత్పురా సరే. ఆరావళి రాజస్థాన్‌లోనే ఉంది గానీ వాలు తిరగబడింది. గుజరాత్ నుంచి ఢిల్లీ వైపు, నైరుతి నుంచి ఈశాన్యానికి సాగాలి. అర మార్కు. తూర్పు కనుమలను ఒడిశా నుంచి తమిళనాడు దాకా తెంపు లేని ప్రహరీగోడలా గీశావు. గోదావరి, కృష్ణ, పెన్నా గీతలు ఆ గోడను గుద్దుకుంటున్నాయి. నదులు కోసేసిన కొండలవి, ముక్కలుగా చూపించాలి. మన శేషాచలం కూడా అందులో ఒక ముక్కే. ఇక్కడా అర మార్కే.

పీఠభూములకు 2½. మాళ్వా సరే. మేఘాలయలో చోటు చాలక పేరు పక్కన రాసి బాణం గుర్తు పెట్టావు, మంచి పద్ధతి. దక్కన్‌కు హైదరాబాద్ దగ్గర ఒక్క చుక్క పెట్టి వదిలేశావు. చుక్క ఊరికి పెడతాం. పీఠభూమికి లేత పెన్సిల్‌తో ఆ ప్రాంతమంతా షేడ్ చేయాలి. అందుకే అర మార్కు. చోటానాగ్‌పూర్ ఒకటిన్నర సెంటీమీటరు పడమరకు జరిగి ఛత్తీస్‌గఢ్‌లో పడింది, సున్నా. పటంలో అచ్చయిన కర్కట రేఖ రాంచీకి కాస్త పైనుంచే పోతుంది. ఆ గీతను పట్టుకుని జార్ఖండ్‌లో గుర్తించు.

ఇంకొకటి. కృష్ణను స్కెచ్ పెన్‌తో గీయడం వల్ల సిరా పాకి తుంగభద్ర కలిసే చోటు కనపడట్లేదు. మార్కులు తీయలేదు. ఈసారి చెక్కిన పెన్సిల్‌తో గీయి, సరి చూసుకున్నాకే నీలం రంగు దిద్దు.

సోమవారం కొత్త మ్యాపులో నర్మద, తపతి, పెన్నా, ఆరావళి, చోటానాగ్‌పూర్ మాత్రం గీసి తీసుకురా. ముందు వింధ్య, సాత్పురా గీసుకుని, ఆ తర్వాతే నర్మద మొదలుపెట్టు.